ముడి వేయని కుచ్చులు

మా మేనత్త పోయిందన్న టెలిగ్రాం వచ్చేసరికి నేను దేవుడి దగ్గర దీపం వెలిగిస్తున్నాను. తమ్ముడు దాన్ని వాకిట్లోనే చదివి, లోపలికి వచ్చి నా వెనక నిలబడ్డాడు. వత్తి సరిచేసి తిరిగి చూస్తే వాడి చేతిలో కాగితం కనిపించింది.

"అక్కా, భివండి నుంచి. అత్తమ్మ..." అన్నాడు. కాగితం నా చేతికిచ్చాడు.

ముందురోజు పొద్దున పోయిందట. అంటే మాకు తెలిసేటప్పటికే అక్కడ అన్నీ అయిపోయి ఉంటాయి. వరంగల్ నుంచి భివండి అంత దూరం. కాజీపేటలో ఎక్కాలి, సికింద్రాబాద్‌లో బండి మారాలి, ఒక రాత్రీ సగం పగలూ కూర్చుని కల్యాణ్‌లో దిగి మళ్లీ బస్సు పట్టుకోవాలి. ఆమెకూ మాకూ మధ్య జీవితమంతా ఆ దూరం అలాగే ఉండిపోయింది. దాన్ని తెగిపోనివ్వకుండా ఆమె ఎట్లా పట్టుకుందో నాలుగు మాటలు రాయాలనిపించింది.

మా నాన్నకు ఒక్కతే చెల్లెలు. పెళ్లయిన మూడో ఏడు మామయ్య సాంచెల పనికి బొంబాయి దగ్గరి భివండి పోయాడు. కరెంటు మగ్గాలను మా వైపు సాంచెలు అంటారు. మా గల్లీ నుంచి అప్పటికే చాలామంది పోయి ఉన్నారు. ఆమె పిల్లలు అక్కడే పుట్టారు. రెండేళ్లకో మూడేళ్లకో ఒకసారి వచ్చేది. రాగానే మూట కింద పెట్టకుండానే, "వదినె, ముందు నీళ్లియ్యి" అనేది. ధర్మసాగర్ చెరువు నుంచి వచ్చే మా నల్లా నీళ్లంటే ఆమెకు అంత ఇష్టం. చెంబు ఎత్తి గటగటా తాగి, మూతి తుడుచుకుని, అప్పుడు మమ్మల్ని పేరుపేరునా పలకరించేది.

"నీళ్ల కోసమే వస్తది మా ఆడిబిడ్డ. మనుషుల కోసం కాదు," అనేది అమ్మ.

"మనుషులు అక్కడ గూడ ఉన్నరు వదినె. నీళ్లే ఉప్పగుంటయి," అనేది ఆమె.

వెళ్లేటప్పుడు రెండు సీసాల నిండా ఆ నీళ్లే పట్టుకుని బండెక్కేది.

ఆమె గురించి చెప్పాలంటే ముందు మేం చేసిన తప్పు చెప్పాలి. ఆమె పెద్దకొడుకు పెళ్లికి నాన్నను పిలవడానికి మామయ్య వచ్చాడు. భివండిలోనే పెళ్లి. మా దగ్గర పద్ధతేమిటంటే, పిల్లల పెళ్లిలో తల్లికి ఆమె పుట్టింటివాళ్లు చీర తేవాలి. ఆ చీర కట్టుకునే ఆమె పెళ్లి పీటల దగ్గరికి రావాలి. ఎంత ఉన్నవాళ్లయినా ఆ ఒక్క చీర సొంతంగా కొనుక్కోరు. నాన్నకు అప్పుడు మిల్లులో పని సరిగా నడవడం లేదు. ఇంటిల్లిపాదీ అంత దూరం పోయి రావడం మాటలు కాదని ఆయనకు తెలుసు. తెలిసి కూడా బావగారి ముఖం చూసి కాదనలేకపోయాడు.

"వస్తం బావా. తప్పకుంట వస్తం," అన్నాడు.

ఉత్తరం వస్తే, "వస్తున్నం" అని జవాబు రాయించాడు. రాసింది నేనే. పెళ్లి ముందురోజు దాకా ఎట్లాగో పోదామనే అనుకున్నాడో, పోలేమని ముందే తెలుసో, ఇప్పటికీ నాకు తెలియదు. పెళ్లినాడు పొద్దున పోస్టాఫీసుకు పోయి రాలేకపోతున్నామని టెలిగ్రాం కొట్టి వచ్చి, ఆ రోజంతా అన్నం ముట్టలేదు.

అక్కడ జరిగింది మాకు తర్వాత తెలిసింది. మా టెలిగ్రాం లగ్నం అయిపోయాక గానీ అందలేదట. మనిషిని మూడుసార్లు బస్టాండుకు పంపారట. లగ్నం దగ్గర పడుతుంటే మేనత్త పాత చీరతోనే గుమ్మంలో నిలబడి ఉందట. చివరికి వాళ్ల అత్తగారే పెట్టెలోంచి ఒక చీర తీసి, "కట్టుకో, ఇంకెవ్వలొస్తరు?" అందట అందరి ముందు.

రెండేళ్లు ఉత్తరాలు లేవు. తర్వాత నాన్న పోయినప్పుడు వచ్చింది. ఏడ్చింది. పదకొండో రోజు అయ్యాక నా పక్కన కూర్చుని మెల్లగా అంది.

"రాకపోతే రాకపోయిండు బిడ్డా. గది గాదు నా బాధ. రాకపోయేటోడు ఎదురుచూపు ఎందుకు పెట్టిండు?"

"వస్తున్నం" అని రాసిన చెయ్యి నాదే.

నాన్న తర్వాత ఇల్లు నా మీద పడింది. నేను పెళ్లి చేసుకోలేదు. ఇంట్లో గుంత మగ్గం మీద, నేల మీద పరిచే జంపఖానాలు నేసి సొసైటీకి వేసేదాన్ని. తమ్ముడు మిల్లులో బదిలీ పని. అంటే రోజూ పొద్దున గేటు ముందు నిలబడాలి. ఎవరైనా రాకపోతే ఆ పని దొరుకుతుంది. వరుసగా నాలుగు రోజులు కనపడకపోతే ఆ వరుసలోంచి పేరే పోతుంది. అమ్మకు మోకాళ్ల నొప్పులు.

అట్లాంటి రోజుల్లో మేనత్త మళ్లీ వచ్చింది. ఈసారి బిడ్డ పెళ్లికి పిలవడానికి. మామయ్యను పంపలేదు. తానే వచ్చింది. కార్డు నాలుగు మూలలా పసుపు రాసి ఉంది. నీళ్లు తాగింది. తర్వాత కుంకుమ భరిణె తీసి అమ్మకూ నాకూ బొట్టు పెట్టి, కార్డు చేతిలో పెట్టింది.

"బిడ్డ పెండ్లి. అన్న లేడు. మీరే వచ్చి నిలబడాలె."

బొట్టు పెట్టించుకునేటప్పుడు కాదనకూడదు. అది పిలుపుకు ఇచ్చే మర్యాద. వంగి కాళ్లు మొక్కాను. వంటింట్లోకి పోయి అన్నం వండుతుంటే అమ్మ నా వెనకే వచ్చింది.

"వస్తమని చెప్పు. మీ అత్తమ్మ ముఖం చూసినవా? లేదంటే ఇగ ఈ గడప తొక్కది."

"పోగలమా అమ్మా?"

"పోలేమని నాకు తెల్వదా? ఇప్పుడైతే ఊ అను. తర్వాత ఏదో ఒకటి రాద్దువు. ఒంట్లో బాగలేదని రాయి."

నాన్న చేసింది కూడా అదే. అన్నం ఉడికే దాకా పొయ్యి ముందు కూర్చుని దేవుణ్ని తలుచుకున్నాను. ఫలానాది కావాలని అడగలేదు. నోట మాట సరిగా రావాలని మాత్రం అడిగాను. ఒక్క మాటతో ఆమెను పోగొట్టుకోవచ్చు. అది తెలుసు నాకు. మా నాన్న రక్తంలో మాకు మిగిలింది ఆమె ఒక్కతే.

ఆమె కడుపునిండా తిని చెయ్యి కడుక్కున్నాక, ఎదురుగా కూర్చుని చెప్పాను.

"అత్తమ్మా, పెండ్లికి మేము రాము."

అమ్మ తల మీద కొంగు లాక్కుని అటు తిరిగింది. మేనత్త తువ్వాలతో చేతులు తుడుచుకుంటూనే ఉంది.

"ఎందుకు?"

"అంత దూరం వచ్చిపోయే ఖర్చు మాతోని కాదు."

"ఇంకేం లేదా?"

"ఇంకేం లేదు."

"టికెట్లు నేను పెట్టుకుంట. మీ మామకు తెల్వనియ్య," అంది.

"వద్దత్తమ్మా. పుట్టింటోళ్లను టికెట్లు పెట్టి తెచ్చుకున్నవని మీ అత్తగారింట్ల అంటరు. ఒక్కసారి మా తోని పడ్డవు. మళ్ల వద్దు."

ఆమె నా వైపు చూసింది. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. చాపను ఇంకొంచెం దగ్గరికి జరుపుకుంది.

"మంచిగ చెప్పినవ్. ఒక్క కారణం చెప్పినవ్. రెండోది చెప్తే మొదటిది అబద్ధమనిపిస్తది," అంది. "సరే, నువ్వు రావు. మరి నీ పని ఎవ్వలు చేస్తరు? అది చెప్పు."

అప్పటిదాకా రానని చెప్పడమే పెద్ద పని అనుకున్నాను. ఆ తర్వాతే అసలు పని మొదలవుతుందని ఆమె చెప్పాకే తెలిసింది. మా గల్లీలో చిన్నాన్న వరసయ్యే ఒక కాక ఉండేవాడు. అతనిదీ భివండి సాంచెల పనే. సెలవు మీద వచ్చి ఉన్నాడు. చిన్నప్పుడు నాన్నతో కలిసి తిరిగినవాడు, మేనత్తను చెల్లె అని పిలిచేవాడు. ఆ సాయంత్రమే ఆమెను తీసుకుని వాళ్లింటికి పోయాను.

"కాకా, అత్తమ్మ బిడ్డ పెండ్లికి మేము పోలేము. మా బాపు జాగల నువ్వు నిలబడాలె. చీర నేను పంపుత. నీ చేత్తోని పెట్టాలె."

కాక ఎగతాళి మనిషి. "చీర పెడితే నాకేమొస్తది? ముందు బంతిల కూసుండ పెడతరా?" అన్నాడు.

"అన్న లెక్క వస్తే ముందు బంతి. తిండికొస్తే ఆఖరి బంతి," అంది మేనత్త.

"అయితే అన్న లెక్కనే వస్త," అని లేచి నిలబడ్డాడు. ఆమె అక్కడికక్కడే అతనికి బొట్టు పెట్టింది.

వెళ్లే ముందు నాకు మరో మాట చెప్పింది. "రానని ఇప్పుడే ఒక కార్డు రాసి పోస్టు చెయ్యి. నోటితోని చెప్పింది నేనొక్కదాన్నే విన్న. కార్డయితే మా ఇంట్ల అందరు చదువుతరు. ఎవ్వలొస్తున్నరు, ఏం తెస్తున్నరు, అన్నీ రాయి. ఇగ బస్టాండుకు ఎవ్వలు పోరు."

రాశాను. పెళ్లి కుదిరినందుకు సంతోషం, మేం రాలేకపోవడం, దానికి కారణం ఒక్క వాక్యంలో. మా తరఫున ఫలానా కాక వస్తున్నాడని, పుట్టింటి చీర తెస్తున్నాడని, దీపావళి వెళ్లాక పెళ్లికూతురిని చూడడానికి నేను వస్తానని. ఆ చివరి మాట రాసే ముందు చాలాసేపు ఆగాను. ఒక్క మనిషి పోయి రావడానికి అప్పటికి కూడబెట్టగలనని నమ్మకం కుదిరాకే రాశాను.

చీర ఒక్కటే పంపడానికి మనసొప్పలేదు. నూలు తెచ్చి, పెళ్లి పీటల కింద పరవడానికి ఒక జంపఖానా మొదలుపెట్టాను. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ చారలు. రెండు పీటలూ పట్టే వెడల్పు కావాలంటే మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి. తమ్ముడికి మిల్లులో పని దొరకని రోజుల్లో వాడు నా పక్కన కూర్చునేవాడు. నేను రంగు పేక పోస్తే వాడు దువ్వెన లాంటి ఇనప పంజాతో దిగగొట్టేవాడు. గట్టిగా కొట్టినప్పుడల్లా, "ఇది మామకు, ఇది మామ తల్లికి," అనేవాడు. అమ్మ వంటింట్లోంచి, "పెండ్లి బట్టరా అది. మంచి మాట అనుకుంట నెయ్యున్రి," అని కేకేసేది.

నేత అయిపోయాక మగ్గం మీంచి కోసి, రెండు చివర్లా వేలాడే పడుగు పోగులను నాలుగేసి కలిపి కుచ్చులుగా ముడివేయాలి. లేకపోతే నేత ఊడిపోతుంది. ఒక చివర ముడులు అయ్యాయో లేదో, కాక వచ్చి నిలబడ్డాడు.

"బిడ్డా, నా సేటు టెలిగ్రాం కొట్టిండు. రేపు పోయేది ఇయ్యాలనే పోవాలె. మూట ఇయ్యి."

బండికి టైం లేదు. రెండో చివర పోగులు వదులుగానే ఉన్నాయి. ఊడకుండా సూదితో గబగబా ఒక కుట్టు వేసి, మడిచి, చీర, పసుపు, కుంకుమ, భద్రకాళమ్మ గుడిలో కలిపించిన అక్షింతలు, రెండు సీసాల నల్లా నీళ్లు మూట కట్టి ఇచ్చాను. అది సగం పనిగా పోయినందుకు చాలా బాధపడ్డాను.

పెళ్లినాడు పొద్దున పది గంటలకు ముహూర్తం. నేను మగ్గం దిగి, తలంటి పోసుకుని, దీపం పెట్టాను. దాచుకున్న అక్షింతలు అమ్మ చేతిలో కొన్ని పోశాను. గడియారం పది కొట్టగానే ఇద్దరం పడమటి వైపు తిరిగి వేశాం. అమ్మ, "అందుతయా?" అని అడిగింది. "అందుతయమ్మా," అన్నాను.

నెల తిరిగాక కాక వచ్చాడు. లడ్డూలు, అమ్మకు చీర, నాకు రవిక గుడ్డ, మేనత్త రాయించిన ఉత్తరం తెచ్చాడు. ముందు అతని మాటలు విన్నాం.

"నేను దిగంగనే మీ అత్తమ్మ వాకిట్లకొచ్చి, 'మా అన్నొచ్చిండు, మా అన్నొచ్చిండు' అని గల్లీ అంత వినేటట్టు ఒర్రింది. చీర చేతుల పెట్టిన. కట్టుకొచ్చి వాళ్లత్త ముంగట రెండుసార్లు తిరిగింది. జంపఖానా మీదనే పీటలేసిన్రు. ముందు బంతిలనే తిన్న, ఫికర్ చేయకు."

ఉత్తరం చిన్నది. చివర్లో ఇట్లా ఉంది: "జంపఖానా ఒక పక్క ముడులు లెవ్వు. వియ్యపురాలు వేస్తనన్నది. వద్దన్న. మా మేనకోడలు దీపావళి వెళ్లినంక వస్తది, అది వేస్తది అని చెప్పిన. నా మాట నిలబెట్టు."

దీపావళి వెళ్లాక పోయాను. కల్యాణ్‌లో దిగేసరికి ఆమె ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంది. వెంట తెచ్చిన నీళ్ల సీసా ముందు ఆమెకిచ్చాను. మరుసటి రోజు జంపఖానా పరచుకుని కూర్చుని కుట్టు విప్పి ముడులు వేయసాగాను. సగం దాకా వచ్చానో లేదో ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"సాలు."

"ఇంక సగముంది అత్తమ్మా."

"ఉండనియ్యి. అన్నీ ఒక్కపారే వేస్తే ఎట్ల? మళ్ల రావాలె గద."

మిగిలిన సగానికి తానే మళ్లీ కుట్టు వేసి, మడిచి, పెట్టెలో పెట్టింది.

ఆ తర్వాత ఇంకా రెండుసార్లు పోయాను. ఒకసారి ఆమె బిడ్డ, నా మరదలు, బాలింతగా ఉన్నప్పుడు, ఇంకోసారి మామయ్య పోయాక. పోయినప్పుడల్లా పెట్టె తెరిచేది. ఆమె చూపించినన్ని వేసేదాన్ని. "సాలు" అంటే ఆపేసేదాన్ని.

మా తమ్ముడి పెళ్లికి ఆమె రాలేదు. మామయ్య మంచం పట్టి ఉన్నాడు. కార్డు పోస్టు చేసిన పదో రోజుకే జవాబు వచ్చింది: "నేను రాను. మీ మామను ఇడిసి రాలేను. ఎదురుచూడకున్రి. స్టేషన్‌కు ఎవ్వలను పంపకున్రి. ఆడబిడ్డ చేసే పని కాక బిడ్డతోని చేయించున్రి, దానికి చీర పంపుతున్న. లగ్నం టైముకు ఇక్కడ దీపం పెడత." పెళ్లినాడు నాకు ఆమె లేని లోటు తెలిసింది గానీ, గుమ్మం వైపు చూసే అవసరం మాత్రం రాలేదు. కాక బిడ్డ ఆ చీర కట్టుకుని వాకిలి పట్టి, తమ్ముణ్ని లోపలికి రానివ్వకుండా కానుక అడిగింది. "భివండి అత్తమ్మ గిట్లనే అడగమన్నది," అని రెండింతలు గుంజింది.

ఇప్పుడు మా గల్లీలో ఎవరింటికి దూరపు పెళ్లి కార్డు వచ్చినా, పోలేకపోతే నా దగ్గరికి వస్తారు. "అక్కా, రామని జర మంచిగ రాసియ్యి," అంటారు. నేను ముందు అడిగేది మేనత్త అడిగిన ప్రశ్నే. మీ పని అక్కడ ఎవరు చేస్తారు? దానికి జవాబు దొరికాకే కలం తీస్తాను.

టెలిగ్రాం అందిన రోజునే తమ్ముడు పోయి జవాబు కొట్టి వచ్చాడు, బయలుదేరుతున్నామని. ఆఖరి చూపు ఎలాగూ దొరకదు. పదకొండో రోజుకు అందాలని ఇద్దరం బండెక్కాం. సీసా నింపుకోవడం మరిచిపోలేదు. ఎవరికని తమ్ముడు అడగలేదు.

మేనత్త బిడ్డ, నా మరదలు, గుమ్మంలోనే ఉంది. నన్ను పట్టుకుని ఏడ్చాక కళ్లు తుడుచుకుంది. "మా చిన్నాయన ఆగుదమా, కార్యం మొదలుపెడదమా అన్నడు వదినా. నేనే ఆపిన. వదిన రానంటే రాదు, వస్తనంటే వస్తది, ఆగున్రి అన్న," అంది.

ఆ మాటకు నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతవరకూ రాలేదు.

కార్యం అయిపోయాక, మధ్యాహ్నం అందరూ సద్దుమణిగినప్పుడు, మరదలు పెట్టెలోంచి జంపఖానా తీసి నా ముందు పరిచింది. ఎరుపు కొంచెం వెలిసింది. పసుపు అట్లాగే ఉంది. ఒక మూలన జానెడు మేర మేనత్త వేసిన కుట్టు ఉంది. పెద్ద పెద్ద కుట్లు, తెల్ల దారం. చూపు ఆనని రోజుల్లో వేసినట్టుంది.

సీసా నీళ్లు ఆమె ఫోటో ముందు గ్లాసులో పోసి వచ్చి కూర్చున్నాను. కుట్టు మెల్లగా విప్పాను. నాలుగు పోగులు కలిపి ఒక ముడి వేశాను. రెండోది వేశాను. మూడోదానికి పోగులు ఏరుతుంటే, మరదలు చెయ్యి వచ్చి నా చెయ్యి మీద పడింది.

"సాలు వదినా," అంది. "మళ్ల రావాలె గద."

తలెత్తి చూశాను. ఆమె సూదిలోకి తెల్ల దారం ఎక్కిస్తోంది. ఫ్యాను గాలికి మిగిలిన పోగులు నేల మీద కొంచెం కొంచెంగా కదులుతున్నాయి.